మెషీన్‌లోకి నీళ్లు రావడం లేదు: ఒక సహాయ వ్యాసం రాసే పద్ధతి

(హైదరాబాద్‌లో గృహోపకరణాల కస్టమర్ సపోర్ట్ సిబ్బంది, సహాయ వ్యాసాలు రాసేవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సహాయ వ్యాసం ఎలా రాయాలో చెప్పమన్నారు. గాలిలో సూత్రాలు చెప్పుకుంటూ పోవడం కంటే ఒక్క సమస్య పట్టుకుని చివరిదాకా రాసి చూద్దాం. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు రావడం లేదు. మన ఊళ్లో ఈ ఫిర్యాదుకు కొదవ లేదు. బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు, మేడ మీది ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, అన్నీ చివరికి ఆ మెషీన్ వెనకున్న చిన్న జల్లెడ దగ్గరికే చేరతాయి. టెక్నీషియన్ వెళ్లి జల్లెడ కడిగి వచ్చేస్తాడు. కస్టమర్ మాత్రం ఆయన కోసం సెలవు పెట్టి కూర్చోవాల్సి వస్తుంది.

రాయడం మొదలుపెట్టే ముందు మెషీన్ ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో మనకు తెలియాలి. ఎల్‌జీ మెషీన్ అయితే తెర మీద IE అని వస్తుంది. శాంసంగ్ అయితే 4C, పాత మోడళ్లలో 4E. అది చూడగానే "నల్లా దగ్గర ఏదో అడ్డుపడింది" అనుకుంటాం. మెషీన్‌కు నల్లా సంగతి తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: డ్రమ్ము ఉన్న తొట్టిలో నీళ్లు ఎంత ఎత్తుకు చేరాయి అన్నది. ఆ తొట్టికి ఒక సన్నటి గాలి గొట్టం తగిలించి ఉంటుంది. నీటి మట్టం పెరిగితే గొట్టంలో గాలి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని సెన్సార్ పసిగడుతుంది. నీళ్లు లోపలికి రావడానికి వాల్వ్ తెరిచాక, నిర్ణీత సమయంలో మట్టం ఆ ఎత్తుకు చేరకపోతే కోడ్ చూపిస్తుంది. అంతే.

కాబట్టి ఒకే కోడ్ వెనక మూడు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. నీళ్లు అసలు రాకపోవచ్చు. వస్తున్నా బొట్టుబొట్టుగా రావచ్చు. లేదా బాగానే వచ్చి, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతుండవచ్చు. ఈ మూడోది చాలామందికి తట్టదు. మన ఫ్లాట్లలో యుటిలిటీ బాల్కనీలో మెషీన్ పెట్టి, మురికినీళ్లు పోయే పైపును నేల మీది జాలీలోకి వదిలేస్తారు. పైపు చివర తొట్టిలోని నీటి మట్టం కంటే కిందుంటే, ఒకసారి ధార మొదలయ్యాక పంపు పని చేయకపోయినా నీళ్లు వాటంతటవే జారిపోతూనే ఉంటాయి. ఇటు నింపుతుంటే అటు ఖాళీ. మట్టం పెరగదు, IE వస్తుంది. అలాంటి ఇంట్లో జల్లెడ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

చాలా వ్యాసాలు పాడయ్యేది ఇక్కడే. "కారణాలు" అని శీర్షిక పెట్టి ఎనిమిది బుల్లెట్లు పెడతారు. అందులో ఒక్క అబద్ధం ఉండదు. కానీ కస్టమర్ మొదటి బుల్లెట్‌తో మొదలుపెట్టి, మూడోదాని దగ్గర విసిగిపోయి మనకే ఫోన్ చేస్తాడు. తన ఇంట్లో ఉన్నది ఆ ఎనిమిదిలో ఏదో తేల్చుకునే పని మనం అతని మీద వదిలేశాం. ఆ పని మనది.

దాన్ని తేల్చడానికి పరికరాలేం అక్కర్లేదు, చెవి చాలు. వ్యాసంలో మొదట ఒక్క ప్రశ్న ఉండాలి: "మెషీన్ ఆన్ చేసి, స్టార్ట్ నొక్కి, రెండు నిమిషాలు పక్కనే నిలబడండి. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించిందా?" రెండు నిమిషాలు ఎందుకంటే, చాలా మోడళ్లలో స్టార్ట్ నొక్కగానే నీళ్లు రావు. ముందు తలుపు లాక్ పడుతుంది, తర్వాత బట్టల బరువు చూసుకోవడానికి డ్రమ్ము కాసేపు పొడిగా తిరుగుతుంది. ఆ సంగతి రాయకపోతే పది సెకన్లు విని "చప్పుడు లేదు" అని తేల్చేసుకుంటారు.

జవాబులు మూడు. చప్పుడు లేదు, లేదా సన్నగా గుయ్‌మని మాత్రమే ఉంది: నల్లా, పైపు, జల్లెడ చూడాలి. చప్పుడు ఉంది కానీ ధార సన్నం: ఒత్తిడి, తర్వాత జల్లెడ. చప్పుడు బాగానే ఉంది, అయినా కోడ్ వస్తోంది: వెనక్కి వెళ్లి జాలీ దగ్గర చూడమనండి. మెషీన్ నింపుకుంటున్నప్పుడే జాలీలోకి నీళ్లు పోతుంటే దొంగ దొరికినట్టే. అక్కడ చేయాల్సింది పైపు చివరను పైకి ఎత్తి తగిలించడం. ఎంత ఎత్తు అనేది మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది, సాధారణంగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య. కొన్ని మెషీన్లకు వెనక వైపే పైపును ఎత్తుగా పట్టి ఉంచే క్లిప్ ఉంటుంది. దాని నుంచి పైపు జారిపోయిందేమో చూడమని రాయండి. ఇంకో మాట. గోడలోని డ్రెయిన్ పైపులోకి దూర్చినప్పుడు వాసన రాకుండా టేపు చుట్టి బిగించేస్తుంటారు. గాలి ఆడకపోతే అక్కడా అదే జారుడు మొదలవుతుంది. టేపు తీసేయమనండి.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. ఇంజనీర్ల కాగితంలో "కనీస ఒత్తిడి 0.5 బార్" అనో, "నిమిషానికి 8 లీటర్లు" అనో ఉంటుంది. దాన్ని తెచ్చి వ్యాసంలో అలాగే అంటిస్తే చదివినవాళ్లు ఏం చేసుకోవాలి? ఇంట్లో ప్రెషర్ గేజ్ ఉండదు. లీటరు నీళ్ల బాటిల్ ఉంటుంది, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది. నిమిషానికి 8 లీటర్లంటే లీటరుకు ఏడున్నర సెకన్లు. కాబట్టి ఇలా రాయండి: "మెషీన్ పైపు బిగించి ఉన్న నల్లా మూసి, పైపు విప్పండి. నల్లా కింద లీటరు బాటిల్ పెట్టి, నల్లా పూర్తిగా తిప్పండి. బాటిల్ 8 సెకన్లలోపు నిండితే నల్లా బాగుంది, తర్వాతి మెట్టుకు వెళ్లండి. 15 సెకన్లు దాటితే ఇబ్బంది మెషీన్‌లో లేదు, నీటి సరఫరాలో ఉంది." ఎనిమిదికీ పదిహేనుకీ మధ్య వస్తే? ముందు జల్లెడ కడిగి చూడమనండి. ఆ మధ్యలో ఉన్నవాళ్లకు దారి చూపకపోతే ఫోన్ చేసేది వాళ్లే. ఈ అంకెలు నేను ఉదాహరణకు చెప్పాను. మీ మోడల్‌కు ఎంత కావాలో మీ ఇంజనీర్లను అడిగి, ఆ లెక్క వేసి పెట్టుకోండి. వంటింటి నల్లా దగ్గర కాకుండా మెషీన్ తగిలించిన నల్లా దగ్గరే పట్టమని కూడా స్పష్టంగా రాయాలి. ఒక్కో నల్లాకు ఒక్కో ధార ఉంటుంది.

మన అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తాయి. ట్యాంకు మేడ మీద ఉంటే, పై అంతస్తు ఫ్లాట్‌లో నల్లాకూ ట్యాంకులోని నీటికీ మధ్య మూడు, నాలుగు మీటర్లే ఉండొచ్చు. అంటే 0.3, 0.4 బార్. పైపుల్లో కొంత పోతుంది కూడా. అదే బిల్డింగ్‌లో రెండో అంతస్తులో అదే మోడల్ చక్కగా పని చేస్తుంటుంది. పై అంతస్తు వాళ్లు మెషీన్ చెడిపోయిందనుకుంటారు. వ్యాసంలో ఈ మాట మొహమాటం లేకుండా రాయాలి: "మీది ట్యాంకు కిందే ఉన్న చివరి అంతస్తు అయి, బాటిల్ 15 సెకన్లలో నిండకపోతే, జల్లెడ కడిగినా ఈ సమస్య పోదు. ప్రెషర్ పంపు పెట్టించడం గురించి ప్లంబర్‌తో మాట్లాడండి." కొందరు ఇలాంటి వాక్యం పెట్టడానికి వెనకాడతారు, ప్రొడక్ట్ మీద చెడ్డమాట పడుతుందేమోనని. పడదు. మూడు గంటలు వృథాగా కుస్తీ పట్టించి చివరికి అదే మాట టెక్నీషియన్ నోట చెప్పిస్తే పడుతుంది.

సరే, జల్లెడ దగ్గరికి వద్దాం. ఈ భాగం నేను చదివి వినిపిస్తాను, ఆ తర్వాత ఎందుకు అలా రాశామో చెప్పుకుందాం.

"కావలసినవి: ఒక బకెట్, పాత టూత్‌బ్రష్, పొడిగుడ్డ, చిన్న పట్టకారు. పట్టే సమయం సుమారు 20 నిమిషాలు. మెషీన్ 60 కిలోల పైన ఉంటుంది, ఒక్కరే లాగకండి.

1. మెషీన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీయండి.
2. మెషీన్‌కు నీళ్లు వచ్చే నల్లా మూయండి.
3. మెషీన్ వెనక, పైభాగాన పైపు బిగించిన చోట కింద బకెట్ పెట్టండి. పైపులో మిగిలిన నీళ్లు కొన్ని పడతాయి.
4. పైపు చివరి ప్లాస్టిక్ నట్‌ను చేత్తో ఎడమవైపు తిప్పి విప్పండి. స్పానర్ వాడకండి, నట్ పగులుతుంది.
5. పైపు తీసిన రంధ్రంలో చిన్న జల్లెడ కనిపిస్తుంది. దాని మధ్యలో పొడుచుకు వచ్చిన భాగాన్ని పట్టకారుతో పట్టుకుని నిదానంగా మీవైపు లాగండి.
6. జల్లెడను నల్లా కింద పెట్టి బ్రష్‌తో రుద్దండి. తెల్లటి పెచ్చులు వదలకపోతే, వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అందులో అరగంట నానబెట్టి మళ్లీ రుద్దండి.
7. జల్లెడను తిరిగి అదే చోట పూర్తిగా లోపలికి నొక్కండి.
8. పైపు లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి, నట్‌ను చేత్తో బిగించండి.
9. నల్లా సగం తిప్పండి. నట్ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, తడి అంటుకుంటుందేమో ఒక నిమిషం చూడండి. తడి లేకపోతే నల్లా పూర్తిగా తిప్పండి.
10. ప్లగ్ పెట్టి, మెషీన్ స్టార్ట్ చేయండి. రెండు నిమిషాల్లో నీళ్లు పడే చప్పుడు గట్టిగా వినిపించాలి."

ఇందులో నాలుగో మెట్టు చూడండి. "స్పానర్ వాడకండి" అన్న మాట ఆ మెట్టులోనే ఉంది. చివర్లో "జాగ్రత్తలు" అని వేరే పెట్టె గీసి అందులో పెడితే అప్పటికే నట్ పగిలి ఉంటుంది. చదివేవాడు పేజీ మొత్తం చదివి పనిలోకి దిగడు. ఒక లైను చదువుతాడు, ఒక పని చేస్తాడు, మళ్లీ ఫోన్ చూస్తాడు. అప్పటికి చేతులు తడిగా ఉంటాయి. ప్లగ్ తీయడం మొదటి మెట్టు అయింది కూడా అందుకే, అది ఉపోద్ఘాతంలో ఉంటే దాటేస్తారు.

ఏడో మెట్టు ఇంకా ముఖ్యం, ఇక్కడ నేనైతే కారణం కూడా ఒక లైనులో రాస్తాను. జల్లెడ తీసేశాక ధార భలేగా వస్తుంది. "ఇదేదో బాగుందే, మళ్లీ పెట్టడం ఎందుకు" అనిపిస్తుంది. పెట్టకపోతే ఇసుక నేరుగా వాల్వ్‌లోకి పోతుంది. వాల్వ్ లోపలి రబ్బరు పొర పూర్తిగా మూసుకోదు. మెషీన్ ఆపేసి ఉన్నా డ్రమ్ములోకి నీళ్లు కారుతుంటాయి. అప్పుడు జల్లెడ కడగడంతో పోయేది కాస్తా వాల్వ్ మార్చేదాకా వస్తుంది. "తప్పనిసరిగా తిరిగి పెట్టండి" అని ఎర్ర అక్షరాల్లో రాసినా వినని మనిషి, "పెట్టకపోతే మెషీన్ ఆపినా నీళ్లు కారతాయి" అంటే వింటాడు.

ఆరో మెట్టులో మన ఊరికి ఒక వాక్యం కలపాలి: "బాత్రూం కడిగే యాసిడ్ వాడకండి." బోరు నీళ్ల తెల్లటి పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, ఏ పులుపుకైనా కరుగుతుంది. యాసిడ్‌కు ఇంకా తొందరగా కరుగుతుంది, అది నిజమే. కానీ జల్లెడలో మిగిలిన చుక్కలు రబ్బరును, లోహపు భాగాలను తినేస్తాయి, పైగా ఇరుకు బాల్కనీలో ఆ పొగ పీల్చాలి. మనం ఆ ప్రస్తావన తేకపోతే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ సీసానే.

కొన్ని కంపెనీల మెషీన్లకు నల్లా వైపు చివర ఒక లావుపాటి పెట్టె ఉన్న పైపు వస్తుంది, లీకైతే నీళ్లు ఆపేసే ఏర్పాటు. వాటిలో కొన్నిటి లోపల కరెంటుతో పనిచేసే వాల్వ్ ఉంటుంది. "ఇలాంటి పెట్టె మీ పైపుకు ఉంటే దాన్ని నీళ్లలో ముంచకండి, కోయకండి" అని బొమ్మతో సహా పెట్టాలి. మీ కంపెనీ అమ్మే మోడళ్లలో అది లేకపోతే ఆ వాక్యమే వద్దు. అక్కర్లేని హెచ్చరిక పెడితే అక్కర ఉన్నదాన్ని కూడా చదవరు.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. రెండు చాలు: జల్లెడను పట్టకారుతో లాగుతున్న చెయ్యి, తెర మీద కోడ్. మొదటిది స్టూడియోలో మెషీన్‌ను తెల్ల గుడ్డ ముందు పెట్టి తీసినది కాకూడదు. కస్టమర్‌కు మెషీన్ వెనకభాగం పై నుంచి, వాలుగా, చీకట్లో కనిపిస్తుంది. అదే కోణంలో తీయండి. రెండోది ఎందుకంటే, అంకెలు చూపే ఆ చిన్న గీతల తెరలో IE కొందరికి 1E లాగా, కొందరికి LE లాగా కనిపిస్తుంది. LE అంటే ఎల్‌జీలో మోటారు సమస్య. తప్పు వ్యాసంలోకి వెళ్లిన మనిషి మోటారు గురించి చదివి భయపడి ఫోన్ చేస్తాడు. రెండు కోడ్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి, "మీకు కనిపించేది ఇదేనా" అని అడగండి. వెతికేటప్పుడు దొరకడానికి 1E అన్న అక్షరాలు కూడా పేజీలో ఎక్కడో ఉండాలి.

శీర్షిక కూడా అలాగే. కాల్ సెంటర్ రికార్డుల్లో జనం ఏమంటున్నారో వినండి. "మిషన్‌లకు నీళ్లు ఎక్కుతలేవు", "నీళ్లు రావట్లేదు", "IE అని సూపిస్తున్నది". ఎవరూ "ఇన్‌లెట్ ఫిల్టర్ శుభ్రపరచు విధానం" అని వెతకరు, వెతికే స్థితిలో ఉంటే వాళ్లకు మన వ్యాసంతో పని లేదు. నేను పెట్టే శీర్షిక: "వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు రావడం లేదు, IE కోడ్ వస్తోంది". నల్లా, ట్యాప్, కుళాయి, ఈ మూడూ ఇక్కడ వాడుకలో ఉన్నాయి కాబట్టి మొదటిసారి "నల్లా (ట్యాప్)" అని రాసి, ఆ తర్వాత ఒక్కటే వాడండి.

ఎక్కడ ఆపాలో కూడా వ్యాసమే చెప్పాలి. నల్లా ధార బాగుంది, జల్లెడ శుభ్రంగా ఉంది, పైపు మెలిక పడలేదు, అయినా నీళ్ల చప్పుడు లేదు అంటే వాల్వ్‌లోనో, బోర్డులోనో తేడా ఉన్నట్టు. అది మెషీన్ విప్పి మీటరు పెట్టి చూసే పని, కస్టమర్‌ది కాదు. అక్కడ "ఇక మాకు ఫోన్ చేయండి" అని రాసి, చేతిలో ఏం ఉంచుకోవాలో చెప్పండి: స్టిక్కర్ మీది మోడల్ నంబర్, తెర మీద కోడ్, బాటిల్ నిండిన సెకన్లు, చప్పుడు వినిపించిందా లేదా. ఈ నాలుగూ ఉంటే ఫోన్ ఎత్తినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నల్లా తిప్పించరు, టెక్నీషియన్ వాల్వ్ వెంట తీసుకునే వెళ్తాడు. జల్లెడ కడిగితే వారంటీ పోతుందా అన్న అనుమానం కూడా ఇక్కడ తీర్చాలి. మీ సర్వీస్ విభాగం చేత లిఖితపూర్వకంగా ఒప్పించి, "పోదు" అని ఒక్క ముక్కలో రాయండి. ఆ ముక్క లేక పట్టకారు పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు.

రాశాక పరీక్ష. ఆ మెషీన్ ఎన్నడూ విప్పని మనిషిని తీసుకురండి, ఆఫీసులో అకౌంట్స్ వాళ్లయినా సరే. జల్లెడలో కాస్త మట్టి కుక్కి పెట్టండి. ఫోన్‌లో పేజీ తెరిచి ఇవ్వండి. తర్వాత మీరు నోరు విప్పకూడదు. ఎక్కడ ఆగి రెండోసారి చదివారో, ఎక్కడ మీ మొహం వైపు చూశారో రాసుకోండి. ఎక్కువమంది ఐదో మెట్టు దగ్గర ఆగుతారు. జల్లెడ గట్టిగా పట్టుకుని ఉంటే "విరుగుతుందేమో" అని వదిలేస్తారు. అందుకే అక్కడ "కొంచెం బిగువుగా ఉంటుంది, అటూ ఇటూ కదుపుతూ లాగండి" అని కలపాల్సి వస్తుంది. ఆ మాట ఇంజనీర్‌కు తట్టదు, ఆయన వేళ్లకు అది అలవాటైపోయింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: వీడియో పెడితే ఇదంతా అక్కర్లేదు కదండీ?

ఐదో మెట్టుకు ఇరవై సెకన్ల వీడియో పెట్టండి, మంచిదే. మొత్తం వ్యాసాన్ని వీడియో చేస్తే రెండు ఇబ్బందులు. తడి చేతులతో వెనక్కీ ముందుకీ జరపాలి. ఇంకా ముఖ్యంగా, మొదటి ప్రశ్న దగ్గర దారి మూడుగా చీలింది కదా, వీడియో ఒకే దారిలో పోతుంది. పైపు కిందికి జారిన ఇంట్లో కూడా జల్లెడ విప్పిస్తుంది.

ప్రశ్న: వ్యాసం పని చేస్తోందని పై వాళ్లకు ఎలా చూపించాలి?

ఎంతమంది చదివారన్న లెక్క చూపించకండి, ఎండాకాలంలో అది ఎలాగూ పెరుగుతుంది. టెక్నీషియన్ల జాబ్ షీట్లు తీయండి. అందులో "జల్లెడ కడిగాను" లేదా "డ్రెయిన్ పైపు ఎత్తాను" అని మాత్రమే ఉండి, ఏ పార్టూ మార్చని విజిట్లు లెక్కపెట్టండి. నీళ్లు రావడం లేదన్న మొత్తం ఫిర్యాదుల్లో వాటి వాటా వ్యాసం పెట్టక ముందు ఎంత, తర్వాత ఎంత, అదీ చూడాల్సింది. పోలిక నిరుడు ఇదే నెలతో పెట్టండి, పోయిన నెలతో కాదు. ఆ వాటా తగ్గకపోతే, ఆ కస్టమర్లలో కొందరికి ఫోన్ చేసి పేజీ చూశారా అని అడగండి. చూడలేదంటే శీర్షిక మార్చాలి. చూసీ పిలిచామంటే ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో అడిగి, ఆ మెట్టు తిరగరాయాలి.